సస్పెన్సు ఖాతాలో ఆరు వేలు

వరంగల్ ధాన్యం మార్కెట్ వెనక వీధిలో రాజేశ్వర్ రావు గోనె సంచుల దుకాణం ఉంది. పాత సంచులు కొంటారు, దులుపుతారు, చిరుగులు కుట్టిస్తారు, మళ్లీ వ్యాపారులకు అమ్ముతారు. లోపలికి అడుగు పెట్టిన వాళ్లెవరైనా ముందు తుమ్ముతారు, తర్వాతే మాట్లాడతారు. అలాంటి దుకాణంలో ఆ వేసవిలో తుమ్ములకంటే ఎక్కువగా వినబడిన మాట ఒకటుంది. ఆరు వేలు ఎక్కడ పోయినయి?

అడిగేది రాజేశ్వర్ రావు. జవాబు చెప్పాల్సింది కావ్య.

కావ్య కేసముద్రం దగ్గరి పల్లె నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చి పోతుంది. ఊళ్లో బడి, వరంగల్‌లో బీకాం. పోయిన డిసెంబరులో దుకాణం లెక్కలు రాసే ఆనందరావు కడుపునొప్పితో ఉన్నట్టుండి దవాఖానలో చేరితే, ఆయన కుర్చీలో ఈమెను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారే గానీ కుర్చీ ఇచ్చామని ఎవరూ చెప్పలేదు. ఆనందరావు కోలుకున్నా ఇక రానని కబురు పంపాడు. అయినా ఎవరూ చెప్పలేదు. జీతం మాత్రం ప్రతి నెలా 'ఈ నెలకు' అంటూ ఇచ్చేవారు.

పన్ను బిల్లులన్నీ బయట ఒక కంప్యూటర్ సెంటర్లో కొట్టించినా, దుకాణం సొంత లెక్క మాత్రం చేత్తోనే రాయాలని రాజేశ్వర్ రావు పట్టు. కరెంటు పోతే లెక్క కూడా పోతుందని ఆయన భయం. అందుకని రోజు వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ చిట్టాలో, అమ్మకాలు అమ్మకాల పుస్తకంలో రాసి, అక్కడినుంచి ఎవరి పేరు మీద పడాల్సింది వాళ్ల ఖాతాలో ఎక్కిస్తారు. ఎక్కించాక, ఏ ఖాతా పేజీలో ఎక్కిందో ఆ నంబరు చిట్టాలో పక్కనున్న చిన్న గడిలో వేస్తారు. ఏడాది చివర ఖాతాల నిలువలన్నీ రెండు వైపులా పేర్చి కూడితే, డెబిట్ ఎంతో క్రెడిట్ అంతే రావాలి.

ఈసారి రాలేదు. డెబిట్ వైపు సరిగ్గా ఆరు వేలు తక్కువ వచ్చింది.

ఏప్రిల్లో ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన ఓంప్రకాశ్ దాన్ని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. ఊళ్లో సగం దుకాణాల్లో ఆయన చూసేది అదే. తేడాకు సస్పెన్సు అని ఒక ఖాతా పెట్టి, డెబిట్ వైపు ఆరు వేలు నిలిపి, ప్రస్తుతానికి సరిపెట్టమన్నాడు. తప్పు దొరికినప్పుడు దాన్ని కొట్టేయాలి, తాను మే చివరి సోమవారం వచ్చేసరికి అది సున్నా కావాలి, లేకపోతే బ్యాలెన్స్ షీట్ మీద సంతకం పెట్టించనని చెప్పి, తన నీళ్ల సీసా తాను తీసుకుని బండెక్కి పోయాడు.

అప్పటినుంచి రాజేశ్వర్ రావుకు అన్నం సహించలేదు. ఆయన లెక్కలో సస్పెన్సు ఖాతా అంటే ఆరు వేలు పట్టుకుని ఎక్కడో దాక్కున్న మనిషి. గల్లాపెట్టె ఏ రోజుకారోజు పైసాతో సహా సరిపోయిందని, డబ్బు పోలేదని, ఒకచోట రాసింది ఇంకోచోట రాయలేదనో తప్పు రాశామనో దాని అర్థమని కావ్య మూడు రకాలుగా చెప్పింది. ఆయన మూడుసార్లూ తల ఊపి, చివర మళ్లీ అక్కడికే వచ్చాడు.

"అన్నీ సరే బిడ్డా. పైసలు పోలే. మరి ఆరు వేలు ఎక్కడ పోయినయి?"

మధ్యలో ఆయన బావమరిది సుదర్శన్ ఒకడు. ఈయనది పప్పుల వ్యాపారం. సంచులు ఇక్కడే కొంటాడు, సలహాలు ఇక్కడే అమ్ముతాడు. ఎండకు తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని రోజూ సాయంత్రం వచ్చి, కూలరు ఎదురుగా కూర్చుని, బావకు రెండు మాటలు చెప్పి పోయేవాడు. ఆరు వేలనేది మరీ రౌండు ఫిగరుగా ఉందని, నిజంగా పొరపాటే అయితే చిల్లర ఉండేదని, ఎవరో జేబు నింపుకున్నారని ఆయన అనుమానం. తన అన్న కొడుకు ఒకడు కంప్యూటర్ నేర్చుకుని ఖాళీగా ఉన్నాడని, వాడొస్తే ఈ పుస్తకాల పీడ ఒక్క వారంలో పోతుందని ఆయన నమ్మకం.

చివరికి శుక్రవారం పొద్దున రాజేశ్వర్ రావు తేల్చేశాడు. సోమవారం ఓంప్రకాశ్ వచ్చేసరికి సస్పెన్సు సున్నా అయితే సరే. కాకపోతే పుస్తకాలు సుదర్శన్ అన్న కొడుక్కి అప్పజెప్పి కావ్య ఇంటికి పోవచ్చు. ఈ మాట ఆయన కోపంగా అనలేదు. పక్కకు చూస్తూ, బల్ల మీద గోనెపీచు ఏరుతూ అన్నాడు. అందుకే కావ్యకు అది నిజంగానే అన్నాడని అర్థమైంది.

ఇంట్లో ఈ ఉద్యోగాన్ని ఉద్యోగమని ఎవరూ అనరు. 'వరంగల్ పోయొస్తాంది' అంటారు. పోయిరావడం ఆగితే మళ్లీ ఎక్కడికి పోనిస్తారో ఆమెకు తెలియదు. లెక్కలు రాయడం ఆమెకు ఇష్టం. రెండు వైపులా కూడి, ఒకే సంఖ్య రెండుసార్లు రావడం చూస్తే, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినట్టు ఉంటుంది. ఆ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

వెతకడం ఆమె అప్పటికే చాలా చేసింది. ఆరు వేల మొత్తం ఎక్కడైనా ఉందేమోనని చూసింది. ఒకటే ఉంది. దుకాణం వెనకున్న ఇంట్లో రాజేశ్వర్ రావు తల్లి చిలుకమ్మ గదికి కూలరు కొన్న బిల్లు. దాని మీద కావ్య ఆశలన్నీ పెట్టుకుంది గానీ, ఆ కూలరు చిట్టాలోనూ ఖాతాలోనూ బుద్ధిగా కూర్చుని ఉంది. ఆరు వేలలో సగం మూడు వేలు. మూడు వేల మొత్తమేదైనా డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడితే తేడా రెట్టింపై ఆరు వేలవుతుంది. అలాంటివీ చూసింది. లేవు. ఆ తర్వాత చిట్టాలోనూ అమ్మకాల పుస్తకంలోనూ ఒక్కొక్క పద్దూ తీసి, పక్క గడిలో ఉన్న పేజీ నంబరు ప్రకారం ఖాతా తెరిచి, పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయింది. ఏడాదంతా టిక్కులు పడ్డాయి. ఆరు వేలు మాత్రం పడలేదు.

ఆ మధ్యాహ్నం ఒక పూట సెలవడిగి ఆనందరావు ఇంటికి పోయింది. ఆయన ఫాతిమానగర్‌లో ఉంటాడు. ఆపరేషన్ తర్వాత బాగా సన్నబడ్డాడు గానీ, గర్వం తగ్గలేదు. తన చేతి రాతలో ఇన్నేళ్లూ ఒక్క తప్పు రాలేదని, వచ్చి ఉంటే ఆదివారం చర్చిలో కానుకల లెక్క తనకే ఎందుకు అప్పజెబుతారని ఎదురు ప్రశ్న వేశాడు. అయినా పిల్ల ముఖం చూసి మెత్తబడ్డాడు. తేడాను తొమ్మిదితో భాగించి చూశావా అని అడిగాడు. రెండు అంకెలు అటుదిటు ఇటుదటు అయితే, వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. కావ్య భాగించి చూసింది. ఆరు వేలు తొమ్మిదితో పోదు.

"పోలేదంటే, అంకెలు తిరగబడ్డదొక్కటే కాదమ్మా. ఇంకోటేదో ఉన్నది. లేకుంటే రెండు తప్పులు చేతులు పట్టుకొని కూసున్నయి" అన్నాడాయన.

ఏ రెండో మాత్రం చెప్పలేకపోయాడు. డిసెంబరులో ఆఖరి రోజుల సంగతి అడిగితే కడుపునొప్పి తప్ప తనకేమీ గుర్తులేదన్నాడు. కడుపునొప్పి గురించి మాత్రం చాలాసేపు చెప్పాడు.

శనివారం కావ్య వరండాలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తోంది. లోపల ఉక్క. వరండాలో సంచులు కుట్టే ఆడవాళ్లు వరసగా కూర్చుని దబ్బళాలతో పని చేసుకుంటున్నారు. వాళ్లకు పెద్ద మొగిలమ్మ. వయసు అరవై దాటినా గొంతు ఇరవై దాటలేదు. సంచి కుట్టు ఎంత గట్టిగా వేస్తుందో మాటా అంత గట్టిగా వేస్తుంది. ఆ రోజు కొత్తగా పనిలో చేరిన ఒకామెకు సేటు రాజేశ్వర్ రావు ఎలాంటివాడో వివరిస్తోంది. ఇది కావ్య ఇదివరకు చాలాసార్లు విన్న కథే. సేటు మనసు వెన్న, సేటు చెయ్యి ధర్మం చెయ్యి, మార్కెట్ మొత్తంలో ఇట్లాంటివాడు లేడు. ఈ మాటలు మొగిలమ్మ వరండాలోనే కాదు, హమాలీల దగ్గరా, చాయ్ హోటల్లోనూ, చివరికి కూరగాయల బండ్ల దగ్గరా చెప్పుకొచ్చింది. దాని ఫలితంగా హమాలీలు రాజేశ్వర్ రావును చూస్తే బీడీలు దాచుకోవడం మొదలుపెట్టారు. ఏప్రిల్లో చలివేంద్రం పెట్టినప్పుడు రిబ్బన్ కత్తిరించడానికి ఆయన్నే పిలిచారు. ఈ గౌరవమంతా ఎందుకొచ్చిందో ఆయనకు తెలియదు. కొత్తగా వేసుకుంటున్న తెల్ల చొక్కాల వల్లనేమోనని అనుకున్నాడు. అప్పటినుంచి ఇంకో నాలుగు కుట్టించాడు.

కావ్య సగం చెవితో వింటోంది. కొత్తామె, అంత ఏం చేసిండని అడిగింది. దానికి మొగిలమ్మ, తన బిడ్డ కాన్పు కష్టమైన రోజున, సేటు నాలుగు వేల రెండు వందలు ఇప్పించాడని చెప్పింది.

"అప్పుగా?" అంది కొత్తామె.

"అప్పయితే పేరు రాయరా? నా కండ్ల ముంగట్నే ఇచ్చిండ్రు, పేరు రాయలే. 'ఇయ్యాల పేరు రాయనమ్మా, తీస్కపో' అని ఆనందరావు సారే అన్నడు. ఆ తర్వాత ఒక్క వారం గూడ నా కూలిల పైస కోయలే. గిసొంటి మారాజు ఎవడున్నడే?"

కావ్య పెన్సిల్ ఆగిపోయింది. మొగిలమ్మ వైపు చూసింది. ముందు మొగిలమ్మ ఖాతా తీసింది. కుట్టిన సంచులు, ఇచ్చిన కూలి, అంతే. నాలుగు వేల రెండు వందలు ఎక్కడా లేవు. తర్వాత, మనవడు ఎప్పుడు పుట్టాడని ఊరికే అడిగినట్టు అడిగింది. మొగిలమ్మ సంతోషంగా తారీకు, వారం, నక్షత్రం, పిల్లాడి బరువు అన్నీ చెప్పింది. వారం శుక్రవారం. డిసెంబరు నెల.

అప్పుడు కావ్యకు ఆ ఇంటి శుక్రవారం గుర్తొచ్చింది.

శుక్రవారం దీపాలు పెట్టాక లక్ష్మి బయటికి పోకూడదని ఆ దుకాణంలో నియమం. తప్పనిసరి అయితే, సేటు లేకున్నా లెక్కలు రాసేవాళ్లే డబ్బు ఇస్తారు గానీ, ఎవరికి పోయిందో పేరు రాయరు. పేరు రాయకపోతే లక్ష్మికి దారి తెలియదని చిలుకమ్మ చెబుతుంది. సాయంత్రం గల్లా లెక్క తేలాలి కాబట్టి చిట్టాలో 'అవసర చెల్లింపు' అని మొత్తం మాత్రం వేస్తారు. శనివారం పొద్దున పేరు నింపి, ఖాతాలో ఎక్కిస్తారు. ఆనందరావు ఆదివారాలు చర్చికి పోయే మనిషే అయినా, శుక్రవారాలు మాత్రం చిలుకమ్మ మతంలోనే ఉండేవాడు. కావ్యకూ మొదటి వారంలోనే ఇది నేర్పారు.

మొగిలమ్మ మనవడు పుట్టిన మర్నాడు, ఆ శనివారం పొద్దున, ఆనందరావు దవాఖానలో ఉన్నాడు.

చిట్టా తీసింది. ఆ శుక్రవారం పేజీలో, చివరి పద్దు. అవసర చెల్లింపు, 4,200. మరి ఇన్నిసార్లు టిక్కులు పెట్టినప్పుడు ఇది ఎందుకు దొరకలేదు? పక్క గడి ఖాళీగా ఉంటే ఇట్టే కంటబడేది. గడి ఖాళీగా లేదు. అందులో పెద్ద పసుపు మరక, దాని నడుమ ఎర్రటి కుంకుమ బొట్టు. ప్రతి శుక్రవారం చిలుకమ్మ చిట్టాకు బొట్టు పెడుతుంది. మామూలుగా పేజీ నెత్తిన పెడుతుంది. ఆ నెలలో ఆమెకు కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుని ఉంది. లక్ష్మీదేవి నుదురు వెతుక్కుంటూ ఆమె వేలు కిందికి జారి, సరిగ్గా పేజీ నంబరు గడిలో దిగింది. కింద నంబరు ఉండే ఉంటుందని, బొట్టును గోకడం పాపమని, కావ్య ప్రతిసారీ దండం పెట్టినంత భక్తితో టిక్కు పెట్టి దాటేసింది.

ఇప్పుడు గోకింది. కింద తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

డబ్బు గల్లాలోంచి పోయినట్టు చిట్టాలో క్రెడిట్ ఉంది. ఎవరి పేరునా డెబిట్ లేదు. సగమే రాసిన పద్దు. ఆరు వేలలో నాలుగు వేల రెండు వందలు పోతే మిగిలింది పద్దెనిమిది వందలు. పద్దెనిమిది వందలు తొమ్మిదితో పోతుంది. రెండు వందలసార్లు.

రెండు వందలంటే, చివర రెండు సున్నాలున్నాయి కాబట్టి, వేల అంకె, వందల అంకె చోటు మార్చుకున్నాయి. ఆ రెండింటికీ మధ్య తేడా రెండు. డెబిట్‌లో తక్కువ పడాలి కాబట్టి పెద్ద అంకె వెనక్కి పోయి ఉండాలి. ఇక ఏడాదంతా వెతకక్కర్లేదు. ఖాతాల డెబిట్ వైపు, వేల చోట చిన్నంకె, వందల చోట దానికి రెండు ఎక్కువ ఉన్నవి మాత్రం చూస్తే చాలు. ఈ తప్పు ఆనందరావు సారుదే అయి ఉంటుందని, ఇన్నేళ్లలో ఒక్క తప్పూ రాలేదన్న ఆ గొప్ప ఇంకోసారి విన్నప్పుడు మర్యాదగా ఎలా చెప్పాలా అని, ఆమె పేజీలు తిప్పుతూనే మాటలు కూర్చుకుంది.

దొరికింది. అమ్మకాల పుస్తకంలో బిల్లు 8,640. ఖాతాలో డెబిట్ 6,840. ఖాతా సుదర్శన్‌ది. రాసిన చెయ్యి కావ్యది. చేరిన మొదటి వారం, ఆరు, ఎనిమిది ఆమె గుండ్రటి బడి రాతలో ముద్దుగా ఉన్నాయి. పక్కన ఒక పెన్సిల్ టిక్కు. సరిచూసినట్టు. అదీ ఆమెదే.

మర్యాదగా కూర్చుకున్న మాటలన్నీ తనకే చెప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆ పేజీలో ఇంకో సంగతి కనబడింది. సుదర్శన్ ఏ బిల్లూ అడగ్గానే కట్టిన మనిషి కాదు. సంచుల్లో రంధ్రాలున్నాయని వంద, చుట్టరికమని రెండు వందలు తగ్గించి, నెలలు తిప్పి ఇస్తాడు. ఈ ఒక్కటి మాత్రం, ఖాతాలో ఎంత ఉందో చెప్పమని అడిగి, 6,840 అనగానే, మారుమాట లేకుండా నిలబడ్డపాటున కట్టేశాడు. ఖాతా కింద రెండు గీతలు కొట్టించుకుని మరీ పోయాడు. 8,640 బిల్లు ఆయన జేబులోనే ఉండి ఉంటుంది.

సోమవారం ఓంప్రకాశ్ వచ్చాడు. నీళ్ల సీసా బల్ల మీద పెట్టాడు. సుదర్శన్ అప్పటికే కూలరు ముందున్నాడు, పక్కన కొత్త చొక్కా వేసుకున్న ఆయన అన్న కొడుకు. ఆ కుర్రాడు కావ్య కుర్చీ వైపు, అది తిరిగే రకమా కాదా అన్నట్టు చూస్తున్నాడు. చిలుకమ్మ కూడా లోపలినుంచి వచ్చి కూర్చుంది.

కావ్య పుస్తకాలు తెరిచి రెండూ చూపించింది. రెండో తప్పు తనదేనని, ఎవరూ అడగకముందే చెప్పింది. మొగిలమ్మ ఖాతాకు డెబిట్ నాలుగు వేల రెండు వందలు, సస్పెన్సుకు క్రెడిట్. సుదర్శన్ ఖాతాకు డెబిట్ పద్దెనిమిది వందలు, సస్పెన్సుకు క్రెడిట్. రెండు పద్దులు సవరణలు రాసే జర్నల్లో పడితే సస్పెన్సు సున్నా. రాసి ఉంచింది, సేటు సరేనంటే ఎక్కిస్తుంది.

ఓంప్రకాశ్ ముందు బొట్టు గోకిన గడి చూశాడు, తర్వాత తన ఆకుపచ్చ పెన్నుతో కూడి చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో చాలా కారణాలు రాశానని, దేవుడి బొట్టు కింద పద్దు దాగడం ఇదే మొదటిసారని అన్నాడు. చిలుకమ్మ దానికి నొచ్చుకోలేదు. లక్ష్మి దాచిపెట్టింది కాబట్టే ఇన్నాళ్లూ డబ్బు భద్రంగా ఉందంది.

సుదర్శన్ మాత్రం గబగబా లేచాడు. ఎప్పుడో తీరిపోయిన ఖాతా మళ్లీ తెరవడం ఏం పద్ధతని, రెండు గీతలు కొట్టాక అదేమైనా బావా బావమరిదుల మాటా తిరిగి తీసుకోవడానికి అని మొదలుపెట్టాడు. కావ్య చాలా మెల్లగా, ఆయన దగ్గరున్న అసలు బిల్లు ఒకసారి తెస్తే సరిచూసుకోవచ్చని అంది. ఆయన నెత్తి మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, చుట్టరికంలో బిల్లులెవరు దాచుకుంటారని అన్నాడు. బావమరిది ఆ రోజు మారుమాట లేకుండా డబ్బు కట్టినప్పుడు, ఒంట్లో బాగాలేదేమోనని తాను కంగారుపడి ఇంటికి ఫోన్ చేసి అడిగిన సంగతి గుర్తొచ్చి, రాజేశ్వర్ రావు పూర్తిగా ఆయన వైపు తిరిగాడు. సుదర్శన్ మళ్లీ కూర్చున్నాడు. కట్టనని అనలేదు గానీ, గడువు అడిగాడు.

సుదర్శన్ సంగతి తేలాక, రాజేశ్వర్ రావుకు మొగిలమ్మ సంగతి మెల్లగా తలకెక్కింది. తెల్ల చొక్కా మీద చెయ్యి పెట్టుకున్నాడు. చలివేంద్రం, రిబ్బన్, దాచుకున్న బీడీలు, అన్నీ ఒక్కటొక్కటిగా ఆయన ముఖం మీదినుంచి నడిచిపోవడం కావ్య చూసింది. ఆయన వంగి, ఓంప్రకాశ్‌కు వినబడకుండా అడిగాడు.

"బిడ్డా, ఆ సుదర్శన్‌ది కొట్టెయ్. మొగిలమ్మది అట్లనే సస్పెన్సుల ఉంచితే ఏమైతది?"

నెల రోజులుగా ఆ ఖాతాను దొంగను వెతికినట్టు వెతికిన మనిషి ఆ మాట అడుగుతుంటే కావ్యకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఒప్పుకుంటే సేటు సంతోషిస్తాడు. ఒప్పుకోకపోతే కుర్చీ ఆయన చేతిలోనే ఉంది.

"ఉంచితే సున్నా కాదు సార్. సున్నా కాకపోతే పొమ్మన్నరు కదా" అంది.

మొగిలమ్మకు దానం చేయాలనుకుంటే చేయొచ్చని, అయితే ముందు ఆమె పేరున అప్పు రాసి, తర్వాత ఎంత మాఫీ చేస్తే అంత ధర్మం ఖాతాలో ఖర్చు రాసి ఆమె అప్పు తగ్గించాలని, అలా రాస్తే దానం కూడా పుస్తకంలో కనబడుతుందని కావ్య చెప్పింది. ఓంప్రకాశ్ సీసా మూత తిప్పుతూ తల ఊపాడు. దానం పుస్తకంలో కనబడుతుందనే మాట రాజేశ్వర్ రావుకు నచ్చింది. దానం అనే మాటే నచ్చలేదు.

మొగిలమ్మను పిలిచారు. దబ్బళం చెవి వెనక పెట్టుకుని వచ్చింది. సంగతి విని, గోనెదుమ్ము చేతులు దులుపుకుని, ఒక్కొక్కరినీ చూసింది. చివరికి సేటు దగ్గర ఆగింది.

"కోసుకో సేటూ, నేనెగబెట్టేదాన్ని గాదు. పైసలు నీకు వాపస్ ఇస్త. మరి నేను యార్డంత తిరిగి నీ గురించి చెప్పిన మాటలు, అవి నాకెట్ల వాపస్ అయితయి? హమాలీలకు చెప్పిన, చాయ్ హోటల్ల చెప్పిన, ఆఖరికి మా వియ్యపురాలికి గూడ చెప్పిన. ఇప్పుడు పోయి, కాదు, వారం వారం కోస్తాండు అని చెప్పుమంటవా?"

వరండాలో దబ్బళాలు ఆగాయి. చిలుకమ్మ మాత్రం చిన్నగా దగ్గింది. రాజేశ్వర్ రావు కూలరు రెక్కల వైపు చూశాడు. నాలుగు వేల రెండు వందల్లో సగం ఎంతని అడిగాడు. ఆయనకు తెలియక కాదు. ఇంకెవరి నోటినుంచైనా వస్తే కొంచెం తక్కువగా వినబడుతుందేమోనని. రెండు వేల వంద అని కావ్య చెప్పింది. సగం మాఫీ, మిగతా సగం వారానికి యాభై అని ఆయన అన్నాడు. మొగిలమ్మ, సగం మారాజని చెబుతానంది. మిగతా సగం తీరాక మొత్తం చెబుతుందట.

కావ్య రాసింది. మొగిలమ్మకు డెబిట్ నాలుగు వేల రెండు వందలు, సస్పెన్సుకు క్రెడిట్. సుదర్శన్‌కు డెబిట్ పద్దెనిమిది వందలు, సస్పెన్సుకు క్రెడిట్. ధర్మం ఖాతాకు డెబిట్ రెండు వేల వంద, మొగిలమ్మకు క్రెడిట్. ఈ చివరిది సేటు ఈరోజు చేసిన దానం కాబట్టి కొత్త ఏడాది పుస్తకంలో వేయాలని ఓంప్రకాశ్ అన్నాడు. మొదటి రెండూ పాత ఏడాదిలోనే. సస్పెన్సు ఖాతాలో ఆరు వేలు అటు, ఆరు వేలు ఇటు. కింద రెండు గీతలు కొట్టేముందు, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదువుకుంది. ఓంప్రకాశ్ ఆ పేజీ మీద తన ఆకుపచ్చ సంతకం పెట్టి లేచాడు.

సుదర్శన్ అన్న కొడుకు, ఇక తాను పోవచ్చా అని ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా అడిగాడు. సుదర్శన్ తువ్వాలు వెతుక్కుంటున్నాడు. అది ఆయన భుజం మీదే ఉంది.

కుర్చీ సంగతి రాజేశ్వర్ రావు ఎత్తుతాడేమోనని కావ్య చూసింది. ఆయన బల్ల మీద గోనెపీచు ఏరుతున్నాడు. ఈసారి ఆమె వైపే చూస్తున్నాడు.

"ఇగ కొత్త ఏడాదికి నిలువలన్నీ ఎక్కియ్యి. పోయినేడు లెక్కనే ఎక్కించకు, నిదానంగ ఎక్కియ్యి. జల్దీ ఏం లేదు, నువ్వుంటవు గదా."

అని, ఆ మాట పెద్ద ఖర్చేమీ కాదని తేల్చుకున్నట్టు, చాయ్ తెప్పించాడు. అందరికీ తెప్పించాడు. సుదర్శన్ వద్దనలేదు. కావ్య కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీలో సంవత్సరం రాసి, ఆ నాలుగంకెలూ సరైన వరసలో ఉన్నాయో లేదో ఒకసారి, తర్వాత ఇంకోసారి చూసుకుంది.